‘ఎఫ్‌డీ కన్నా ఎక్కువే కదా’ అనే ముందు

బావగారు విజయవాడలో డయాగ్నస్టిక్ సెంటర్ పెడుతున్నారు. మీరు 20 లక్షలు పెడితే ఐదేళ్ల తర్వాత ఆ వాటాకు 38 లక్షలు వస్తాయంటున్నారు. అదే వారంలో కాలేజీ స్నేహితుడి ఫోన్. హైదరాబాద్ శివార్లలో రెడీమిక్స్ కాంక్రీట్ ప్లాంటు, అదే 20 లక్షలు, అవే ఐదేళ్లు, అదే 38. మీ డబ్బేమో బ్యాంకులో 7 శాతం వడ్డీకి ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంది.

ఇలాంటప్పుడు మన ఇళ్లలో జరిగే లెక్క ఒక్కటే. ‘ఎఫ్‌డీలో ఉంచితే 28 లక్షలు అవుతుంది. వీళ్లు 38 ఇస్తామంటున్నారు. పది లక్షలు మిగులు.’ ఇక మిగిలిన చర్చంతా ఎవరి మాట కాదంటే ఎవరు నొచ్చుకుంటారన్న దాని మీదే. ఆ చర్చకు ముందే ఆగండి. తప్పు లెక్కలోనే ఉంది.

డబ్బు ఇప్పటిదాకా ఎక్కడుందో అక్కడి వడ్డీని కొలబద్దగా పెట్టుకోవడమే ఆ తప్పు. డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నది కాదు, ఎక్కడికి వెళ్తోందన్నది రేటును నిర్ణయించాలి. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే డబ్బు విషయంలో మీ ‘సరే’కీ ‘వద్దు’కీ ఒక కారణం ఉంటుంది, మొహమాటం ఉండదు.

ఐదేళ్ల తర్వాత వచ్చే 38 లక్షలకు ఇవాళ విలువెంత? దాన్ని ఏదో ఒక రేటుతో వెనక్కి లెక్కగట్టాలి. అదే డిస్కౌంట్ రేటు. ఇంతే రిస్కున్న మరో చోట పెడితే మీ డబ్బు ఎంత రాబడి తెచ్చేదో ఆ శాతమే అది. దాన్ని అంచనా కట్టడానికి విలియం షార్ప్ 1964లో ఒక సూత్రం ప్రచురించాడు. 1990లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పేరు పెద్దది, క్యాపిటల్ అసెట్ ప్రైసింగ్ మోడల్. లెక్క మాత్రం ఒక్క వరుస:

```
E(R) = Rf + β × (Rm − Rf)
```

Rf అంటే రిస్కు లేని రాబడి. మన దగ్గర దానికి పదేళ్ల ప్రభుత్వ బాండు రాబడిని తీసుకుంటారు. లెక్క తేలికగా సాగడానికి 7 శాతం అనుకుందాం. బ్రాకెట్‌లో ఉన్నది మార్కెట్ ప్రీమియం, అంటే బాండును వదిలి షేర్ మార్కెట్‌లోకి వచ్చినందుకు మదుపరి అదనంగా ఆశించే రాబడి. దాన్నీ 7 శాతమే అనుకుందాం. ఇక మిగిలింది బీటా. అసలు కథంతా అక్కడే ఉంది.

మార్కెట్ ఒక శాతం కదిలితే ఈ వ్యాపారం విలువ సగటున ఎంత కదులుతుందో చెప్పేది బీటా. అది 1 అయితే మార్కెట్‌తో సమానంగా కదులుతుంది. దేశం మందగమనంలో పడ్డా థైరాయిడ్ పరీక్షలు, షుగర్ పరీక్షలు పెద్దగా తగ్గవు. అందుకే డయాగ్నస్టిక్ సెంటర్ బీటా 0.7 అనుకుందాం. ఫ్లాట్లు అమ్ముడుపోకపోతే మాత్రం బిల్డరు ముందుగా ఆపేది కాంక్రీటునే. వడ్డీ రేట్లు పెరిగినా, ఉద్యోగాలు ఊడినా దెబ్బ నేరుగా ప్లాంటుకే. దాని బీటా 1.3 అనుకుందాం.

ఇప్పుడు రేట్లు కట్టండి. సెంటర్‌కు 7 + 0.7 × 7, అంటే 11.9 శాతం. ప్లాంటుకు 7 + 1.3 × 7, అంటే 16.1 శాతం. 38 లక్షలను ఐదేళ్లు వెనక్కి తెస్తే సెంటర్ వాటా ఇవాల్టి విలువ 21.7 లక్షలు, ప్లాంటు వాటా విలువ 18 లక్షలు. పెట్టేది 20. ఒకచోట లక్షన్నర పైచిలుకు లాభం, మరోచోట రెండు లక్షల నష్టం. చేతికొచ్చే మొత్తం రెండు చోట్లా ఒక్కటే అయినా తీర్పులు వేరు.

అదే ఎఫ్‌డీ రేటు 7 శాతంతో లెక్కగడితే రెండూ 27 లక్షల విలువైనవిగా కనిపిస్తాయి. రెండింటికీ ఎగిరి గంతేస్తారు. ‘షేర్లు సగటున 14 శాతం ఇస్తాయి కాబట్టి అదే నా గీత’ అనేవారికి రెండూ 19.7 లక్షల దగ్గర తేలతాయి. వాళ్లు రెండింటినీ వదులుకుంటారు. ఒకే కర్రతో అన్నిటినీ కొలిచేవాడు తాను జాగ్రత్తపరుడిననుకుంటాడు కానీ, మంచి అవకాశాన్ని పోగొట్టుకునేదీ చెడ్డదాంట్లో ఇరుక్కునేదీ అతనే. కంపెనీల్లోనూ ఇదే జరుగుతుంది. ప్రతి విభాగానికీ కంపెనీ సగటు రేటే వాడితే కాలక్రమంలో నిధులు రిస్కెక్కువ విభాగాలకే చేరతాయి. అక్కడ అంచనాలు ఎప్పుడూ గొప్పగానే ఉంటాయి మరి.

‘0.7, 1.3 ఎక్కడి నుంచి వచ్చాయి?’ అని అడగాలి. అడగకపోతే ఎవరైనా తమకు నచ్చిన బీటా చెప్పి నచ్చిన జవాబు తెప్పిస్తారు. మీ బావగారి సెంటర్‌కు షేరు ధర ఉండదు కాబట్టి అదే రంగంలో స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉన్న నాలుగైదు కంపెనీలను తీసుకోండి. రెండేళ్ల వారాంతపు ధరల నుంచి వారంవారం శాతం మార్పు కట్టండి, నిఫ్టీకీ అలాగే. ఎక్సెల్‌లో షేరు మార్పులు B కాలమ్‌లో, నిఫ్టీ మార్పులు C కాలమ్‌లో పెట్టి ఇలా రాస్తే చాలు:

```
=SLOPE(B2:B105,C2:C105)
```

షేరు ముందు, నిఫ్టీ తర్వాత. తారుమారు చేసినా ఎక్సెల్ తప్పని చెప్పదు, ఏదో ఒక సంఖ్య ఇచ్చేస్తుంది. ధరలకు బదులు మార్పులే వాడారో లేదో కూడా ఒకసారి చూసుకోండి. వచ్చిన నాలుగైదు బీటాల్లో మధ్యదాన్ని తీసుకోండి. ఒకే కంపెనీ బీటాను నమ్మకండి, దాంట్లో యాదృచ్ఛికం ఎక్కువ. వారానికి నాలుగు లావాదేవీలు కూడా జరగని చిన్న షేరు అయితే బీటా కృత్రిమంగా తక్కువ వస్తుంది. మార్కెట్ పడిన రోజున దాన్ని అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ లేక ధర కదలదు. దాన్ని చూసి ‘ఇది భద్రం’ అనుకుంటే మోసపోతాం.

అప్పు సంగతీ చూడాలి. అప్పున్న కంపెనీ షేరు బీటా వ్యాపారం బీటా కన్నా ఎక్కువగా ఉంటుంది. వడ్డీ ముందు కట్టాలి కాబట్టి వాటాదారుకు మిగిలేది మరింత ఊగుతుంది. కాంక్రీట్, సిమెంట్ కంపెనీల్లో మధ్య బీటా 1.6, రూపాయి వాటాధనానికి 30 పైసల అప్పు, పన్ను 25 శాతం అనుకోండి. 1.6ను (1 + 0.75 × 0.3)తో భాగించాలి. 1.3 వస్తుంది. స్నేహితుడి ప్లాంటు అప్పు లేకుండా నడుస్తుందంటే ఆ 1.3 సరిపోతుంది. సగం బ్యాంకు లోనుతో పెడుతున్నాడంటే మళ్లీ పెంచాల్సిందే.

అమెరికాలో ఉన్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇక్కడ పెట్టుబడి పెట్టేటప్పుడు ఒక పొరపాటు చేస్తుంటారు. రూపాయల్లో వచ్చే డబ్బును డాలరు బాండు రేటుతో వెనక్కి లెక్కగడతారు. అక్కడి రేటు చిన్నది కాబట్టి ఇక్కడిదంతా బంగారంలా కనిపిస్తుంది. రూపాయి డబ్బుకు రూపాయి రేటే వాడాలి.

ఇప్పుడు బావగారి దగ్గరికి మళ్లీ వద్దాం. 21.7 చూసి సంబరపడకండి. ఆ 38 లక్షలు ఎవరి లెక్క? అన్నీ సవ్యంగా జరిగితే వచ్చే మొత్తం అది. పక్క వీధిలోని పెద్దాసుపత్రి సొంత ల్యాబ్ తెరిస్తే? పేషెంట్లను పంపే డాక్టరు ఊరు మారిపోతే? ఇలాంటివి తలుచుకుని చాలామంది ‘రేటు ఇంకో ఐదు శాతం పెంచుదాం’ అంటారు. అలా చేయకండి. మార్కెట్‌తో సంబంధం లేని ఇలాంటి రిస్కులకు బీటాలో చోటు లేదు. అవి రాబడి అంచనాలో కనిపించాలి. అయిదింట నాలుగు వంతులు 38, ఒక వంతు 20 మాత్రమే వస్తుందనుకుంటే సగటు 34.4 లక్షలు. దాన్ని 11.9 శాతంతో వెనక్కి తెస్తే 19.6 లక్షలు. అంటే 20 పెట్టడం ఇక లాభసాటి కాదు. రేటు విషయంలో వెంట్రుకలు చీల్చి రాబడి అంచనాను ప్రశ్నించకుండా వదిలేసేవాళ్లు గమనించాల్సింది ఇదే.

సూత్రానికి తన హద్దులున్నాయి. అమెరికా షేర్ల మీద యూజీన్ ఫామా, కెనెత్ ఫ్రెంచ్ 1992లో ప్రచురించిన అధ్యయనంలో బీటా ఎక్కువున్న షేర్లు సగటున ఎక్కువ రాబడి ఇచ్చినట్టు కనిపించలేదు. అయినా కంపెనీలు దీన్నే వాడుతున్నాయి. వాడకానికి ఇంత తేలికైనది మరొకటి లేదు, అంతే. మనకు ఇంకా దగ్గరి హద్దు మరొకటుంది. మదుపరి డబ్బు చాలాచోట్ల విడివిడిగా ఉందని ఈ సూత్రం అనుకుంటుంది. డాక్టరు వెళ్లిపోవడం లాంటి నష్టాలు మరోచోట లాభంతో సర్దుకుపోతాయన్న ధైర్యంతోనే వాటికి అదనపు రేటు అడగదు. ఆ 20 లక్షలే మీ కుటుంబం మొత్తం పొదుపైతే సర్దుకోవడానికి ఏముంది? అప్పుడు 11.9 మీకు తక్కువ రేటు. ఎంత పెంచాలో సూత్రం చెప్పదు. పెట్టే మొత్తాన్నే తగ్గించుకోవడం మేలు.

ప్రీమియం 7 అన్నదీ అంచనాయే. దాన్ని 6కీ 8కీ మార్చి చూడండి. ప్లాంటుకు 6 శాతం ప్రీమియం పెట్టి, స్నేహితుడి 38 లక్షల ఆశను యథాతథంగా ఒప్పుకున్నా విలువ 19 లక్షలే. దానికి వద్దని చెప్పేయవచ్చు. బావగారి సెంటర్ మాత్రం 34.4 లక్షల అంచనా మీద 19 నుంచి 20.2 లక్షల మధ్య ఊగుతోంది. కాబట్టి అక్కడ మాట్లాడాల్సింది ధర గురించి. ‘బావగారూ, ఇదే వాటా 19 లక్షలకు ఇస్తారా?’ అని అడగండి. ఆయన 19న్నర అంటే కూర్చుని మాట్లాడవచ్చు. 20 దగ్గరే భీష్మించుకుంటే, పెద్దాసుపత్రి ల్యాబ్ తెరిస్తే తన దగ్గర ఏ ఏర్పాటు ఉందో చూపించమనండి. ఆ ఒక వంతు భయం పదింట ఒక వంతుకు తగ్గిందని మీకు నమ్మకం కుదిరితే సగటు 36.2 లక్షలవుతుంది, ఇవాల్టి విలువ 20.6కు చేరుతుంది. అప్పుడు ఆయన అడిగిన 20 ఇవ్వవచ్చు.