పిండి పులిసిందా, పాడైందా?



ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చెప్పేటప్పుడు ఇడ్లీ పిండి ఉదాహరణ రాగానే ఏటా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: “మేడం, పాలు పులిస్తే విరిగిపోయాయని పారబోస్తారు కదా, మరి పిండి పులిస్తే ఎందుకు తింటాం?” మంచి ప్రశ్న. మన అద్దంకి ఎండల్లో ఈ ప్రశ్న వంటింట్లో కూడా రోజూ వస్తుంది. రాత్రి రుబ్బిన పిండి పొద్దున గిన్నె మూత తీయగానే ఘాటుగా కొడుతుంది. బస్సు ఏడు గంటలకు. బాక్సులో ఇడ్లీ పెట్టాలా వద్దా? ఆ నిమిషంలో దేన్ని చూసి తేల్చుకోవాలో ఈ నెల చెప్పుకుందాం.

ముందు గిన్నెలో ఏం జరుగుతుందో చూద్దాం. మినపప్పు మీద సహజంగానే కొన్ని బాక్టీరియాలు ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది ల్యూకోనోస్టాక్. పప్పు నానబెట్టి రుబ్బితే అది నిద్ర లేచినట్టు పెరుగుతుంది. పిండిలోని చక్కెరలను తిని రెండు పనులు చేస్తుంది. ఒకటి, కార్బన్ డై ఆక్సైడ్ వాయువు వదులుతుంది. మినపప్పు జిగురు ఆ వాయువును పట్టి ఉంచడం వల్లే పిండి పొంగుతుంది. రెండోది, లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. పెరుగులో ఉండే పులుపు కూడా ఇదే. అందుకే పిండి పులియడానికి పెరుగు, ఈస్టు వంటివి కలపక్కర్లేదు.

ఆ ఆమ్లమే పిండికి కాపలా. రుబ్బినప్పుడు పిండి పీహెచ్ దాదాపు 6 ఉంటుంది. బాగా పులిసేసరికి 4.5 దగ్గరికి దిగుతుంది. అంత పులుపులో కుళ్ళబెట్టే బాక్టీరియా చాలావరకు పెరగలేవు. అంటే మామూలు పులుపు చెడు గుర్తు కాదు, పిండి తనను తాను కాపాడుకుంటోందనడానికి గుర్తు. పులుపు లేకుండా వేరే వాసన వస్తేనే ఎక్కువ అనుమానించాలి. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు.

ఇప్పుడు ఎండాకాలం లెక్క ఒకటి చూద్దాం. మే నెల. ఒక గ్లాసు మినపగుళ్ళు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. ఇంట్లో పెద్దవాళ్ళు మిర్చి కల్లానికో పొలానికో వెళ్ళే హడావుడిలో పొద్దున ఎనిమిదికి పప్పు నానబోసి, సాయంత్రం ఆరింటికి రుబ్బారనుకోండి. తేడా ఇక్కడే మొదలవుతుంది. ఆ ఎండకు పప్పుకు నాలుగు గంటల నాన చాలు. పది గంటలు ఉంటే నానిన నీళ్ళ మీద నురగ కడుతుంది, వాసన వస్తుంది. పులియడం గిన్నెలో మొదలు కావలసింది, నీళ్ళలోనే అదుపు లేకుండా మొదలైపోయింది. నానిన నీళ్ళు ముక్కుకు పట్టేలా వాసన వస్తుంటే, పప్పు వేళ్ళకు జారుడుగా తగులుతుంటే ఆ పప్పు రుబ్బొద్దు. పిండి చేశాక ఆ తేడా పట్టుకోవడం ఇంకా కష్టం.

సరే, పప్పు బాగానే ఉంది, ఏడింటికి రవ్వ కలిపి మూత పెట్టారు. రాత్రి కూడా ఇంట్లో వేడి ముప్ఫై డిగ్రీలు దాటే రోజుల్లో ఐదారు గంటలకే పిండి పొంగుతుంది. అంటే అర్ధరాత్రికి సిద్ధం. మీరు లేచేది ఐదింటికి. ఆ మిగిలిన ఐదు గంటలూ అది పులుస్తూనే ఉంటుంది. పొద్దున చూస్తే గిన్నె గోడ మీద పిండి పైదాకా పొంగిన గీత కనిపిస్తుంది, పిండి మాత్రం మధ్యలో కుంగి ఉంటుంది. పైన పల్చగా నీరు తేరి ఉంటుంది. వాసన పుల్ల మజ్జిగలా గట్టిగా వస్తుంది. ఇది పాడైన పిండి కాదు, అతిగా పులిసిన పిండి. వాయువు పోయింది కాబట్టి ఇడ్లీ పోస్తే గట్టిగా, చప్పిడిగా వస్తుంది. కాస్త బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి పునుగులు వేయండి, లేదా ఊతప్పం పోయండి. మన వైపు పునుగుల బండి దగ్గర రుచి ఎక్కడి నుంచి వస్తుందనుకున్నారు?

ఒక్క మాట. పులుపు తగ్గించడానికి వంట సోడా వేసే అలవాటు కొందరికి ఉంది. సోడా ఆమ్లాన్ని విరగ్గొడుతుంది, ఇడ్లీ పొంగుతుంది, నిజమే. కానీ పిండి ఎంత పులిసిందో చెప్పే వాసన, రుచి కూడా దాంతో మరుగున పడతాయి. అనుమానం ఉన్న పిండిలో మాత్రం సోడా వేయకండి.

మరి పాడైన పిండి ఎలా ఉంటుంది? మొదట వాసన. పెరుగు, మజ్జిగ, గంజి గుర్తుకొచ్చే వాసన ఎంత ఘాటుగా ఉన్నా పులుపే. కొంచెం కల్లు వాసన తగిలితే ఈస్టు ఎక్కువ పెరిగిందని అర్థం, ఇడ్లీకి పనికిరాదు, కుళ్ళు మాత్రం కాదు. మురుగు కాలవ, కుళ్ళిన గుడ్డు, తడి గుడ్డ ముక్కిన వాసన వస్తే అది వేరే బాక్టీరియా పని. ఆ వాసనకు పులుపు తోడున్నా సరే, పారబోయాల్సిందే.

తర్వాత రంగు. పైపొర కాస్త బూడిద రంగుకు తిరిగి ఎండినట్టుంటే అది గాలి తగలడం వల్ల. మూత సరిగ్గా లేకపోతే వస్తుంది, గరిటెతో కలిపితే పోతుంది. నల్ల చుక్కలు చూసి కంగారు పడేవాళ్ళూ ఉన్నారు. పొట్టు మినపప్పు వాడే ఇళ్ళలో అవి కడగ్గా మిగిలిన పొట్టు. పొట్టు పిండి అంతటా సమంగా ఉంటుంది, చదునుగా ఉంటుంది. బూజు అయితే పైపొర మీదో గిన్నె అంచు మీదో ఒకచోట గుండ్రంగా, నూగులా లేస్తుంది, ఆకుపచ్చగానో నల్లగానో తెల్లగానో. గులాబీ, నారింజ రంగు మచ్చ కనిపించినా అంతే. పైన ఆ భాగం తీసేసి కింది పిండి వాడదామనుకోవద్దు. పిండి పల్చటి పదార్థం, బూజు వేళ్ళు కంటికి కనిపించకుండా లోపలికి దిగి ఉంటాయి.

మూడోది జిగురు. మినపప్పు పిండి కొంచెం సాగడం సహజం, ఆ జిగురు లేకపోతే ఇడ్లీ పొంగదు. గరిటె ఎత్తితే కాస్త సాగి తెగిపోతుంది. పాడైనప్పుడు మాత్రం గుడ్డు తెల్లసొనలా సన్నటి పొడవాటి తీగలు సాగుతుంది, పిండి పల్చబడినా ఆ జారుడు తగ్గదు.

“ఎలాగూ ఆవిరి మీద ఉడికిస్తాం కదా, ఏముంటే చచ్చిపోతాయి” అని పెద్దవాళ్ళు అంటుంటారు. సగం నిజం. ఆవిరికి చాలా బాక్టీరియా చస్తాయి. కానీ అవి అప్పటికే వదిలిన కొన్ని విషాలు చావవు, ఎందుకంటే విషం ప్రాణి కాదు, రసాయనం. కొన్ని బూజులు వదిలే విషాలు ఇడ్లీ పాత్ర వేడికి పోవు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా వదిలే వాంతుల విషం మరిగించినా నిలుస్తుంది. అందుకే అనుమానం ఉన్న పిండితో “ఒక్క ఇడ్లీ వేసి చూద్దాం” అనే పరీక్ష పనిచేయదు. పచ్చి పిండి నాలుక మీద వేసుకుని చూడటం కూడా అక్కర్లేదు. ముక్కు, కన్ను చాలు. స్కూల్లో లాగా నీలి లిట్మస్ కాగితం ముంచి చూద్దామనుకునే పిల్లలకు ముందే చెప్తున్నాను: అది ఎర్రబడుతుంది, కానీ మంచి పుల్ల పిండిలోనూ ఎర్రబడుతుంది, పాడై పులిసిన పిండిలోనూ ఎర్రబడుతుంది.

ఇక చలికాలం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన దగ్గర ఇరవై డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. అదే పిండి, అదే గిన్నె, పొద్దున చూస్తే రాయిలా ఉన్నచోటే ఉంటుంది. చాలామంది పాడైందనుకుని పారబోస్తారు, లేదా సోడా కొట్టి ఇడ్లీ పోస్తారు. రెండూ తొందరపాటే. గరిటెతో ఒక పక్క పిండిని తిప్పి చూడండి. లోపల సన్న బుడగలు, తేలికైన పుల్లటి వాసన ఉంటే పని జరుగుతోంది, ఆలస్యంగా జరుగుతోంది. పద్నాలుగు, పదహారు గంటలు పట్టవచ్చు. గోరువెచ్చని నీళ్ళున్న పెద్ద గిన్నెలో పిండి గిన్నె పెట్టి, పైన మందపాటి గుడ్డ కప్పితే త్వరపడుతుంది. నీళ్ళు చేతికి హాయిగా తగలాలి, కాలితే పిండి అడుగు ఉడికిపోతుంది. మర్నాడు ఇడ్లీ కావాలంటే సాయంత్రం ఏడింటికి బదులు మధ్యాహ్నమే రుబ్బడం అన్నిటికన్నా సులువు.

చలికాలంలో జాగ్రత్త పడాల్సింది మరో చోట. పులుపు ఆలస్యమైతే కాపలా కూడా ఆలస్యమవుతుంది. ఆ ఖాళీ సమయంలో వేరే బాక్టీరియా పెరిగే వీలుంది. అందుకే రోజు గడిచినా పొంగక, పులుపు వాసన రాక, పచ్చి పప్పు వాసన కాస్తా వికారంగా మారుతుంటే ఇంక ఎదురుచూడొద్దు. మే నెల పుల్ల పిండి కన్నా ఈ జనవరి చప్పటి పిండికే నేను ఎక్కువ భయపడతాను.

ఫ్రిజ్ గురించి కూడా. పిండి పొంగగానే లోపల పెట్టండి, పూర్తిగా పులిసి కుంగాక కాదు. ఫ్రిజ్‌లో పులియడం ఆగదు, నెమ్మదిస్తుంది. నాలుగు రోజుల వరకు పర్వాలేదు: మొదటి రెండు రోజులు ఇడ్లీ, తర్వాత దోసె, చివర పునుగులు. తలుపు అరలో కాకుండా లోపలి అరలో ఉంచండి, తలుపు తీసినప్పుడల్లా అక్కడ వేడెక్కుతుంది. కావలసినంత పిండిని పొడి గరిటెతో వేరే గిన్నెలోకి తీసుకోండి, బయట మిగిలినది మళ్ళీ పాత దాంట్లో పోయకండి. ఎండాకాలంలో మధ్యాహ్నమంతా కరెంటు పోయిన రోజు మాత్రం నాలుగు రోజుల లెక్క చెల్లదు. ఆ సాయంత్రమే మూత తీసి వాసన చూసి, మంచిదైతే రాత్రికే దోసెలు పోసేయండి.