ముప్పై సెకన్లలో ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి
పోర్ట్ బ్లెయిర్ పేరు ఇప్పుడు శ్రీవిజయపురం. అక్కడ తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే జంగ్లీఘాట్‌లో మీరు పంటి క్లినిక్ తెరుస్తున్నారనుకుందాం. రేడియోలో ముప్పై సెకన్ల ప్రకటన ఇవ్వాలి. రాసేవాడు ఇలా రాసి తెస్తాడు: "అండమాన్‌లో నంబర్ వన్! నొప్పి లేని రూట్ కెనాల్, ఒక్కరోజులో, గ్యారంటీ! మొదటి యాభై మందికి సగం ధరే!"

పూర్తిగా కొట్టేయండి. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014లో సవరించిన నీతి నియమావళి ప్రకారం దంతవైద్యుడు పేషెంట్లను ఆకర్షించే ప్రచారం చేసుకోకూడదు. ప్రాక్టీసు మొదలుపెట్టినా, చిరునామా మారినా, కొన్నాళ్లు ఊళ్లో లేకపోయినా, ఫీజులు చెప్పదలచినా మామూలు ప్రకటన ఇవ్వవచ్చు. గొప్పలకు మాత్రం చోటు లేదు.

నియమం లేకపోయినా ఆ మాటలు మీకే చేటు. లోపల వాపు ఉన్న కింది దవడ పన్ను మొదటి ఇంజెక్షన్‌తో మొద్దుబారకపోవడం మామూలే. మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. "నొప్పి లేదు" అని రేడియోలో విని వచ్చినాయన కుర్చీలో ఎగిరిపడితే, సాయంత్రానికి ఆ కబురు బజారంతా తెలుస్తుంది. ద్వీపం చిన్నది కదా! "ఒక్కరోజులో" అన్నది ఇంకా ప్రమాదం. చీము పట్టిన పంటిలో మందు పెట్టి కొన్ని రోజులు ఆగాల్సి రావచ్చు. ఆ మాట నమ్మి డిగ్లీపూర్ నుంచి వచ్చినాయన రోజంతా ప్రయాణం చేసి, బసకు ఏర్పాటు లేకుండా దిగుతాడు.

మరి ఏం చెప్పాలి? నేనైతే ఇలా రాస్తాను:

"డాక్టర్ ఫలానా, బి.డి.ఎస్., రిజిస్ట్రేషన్ నంబరు ఇంత. సోమవారం నుంచి జంగ్లీఘాట్‌లో పంటి క్లినిక్ ప్రారంభం. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు. ఆదివారం సెలవు. చూడటానికి ఫీజు ఇంత, పన్ను తీయడానికి ఇంత. ఫోన్ నంబరు ఇది."

చప్పగా ఉందా? ఉండనివ్వండి. నెమ్మదిగా చదవడానికి వీలుంది, ఫోన్ నంబరు రెండుసార్లు చెప్పండి. రిజిస్ట్రేషన్ నంబరు విన్నవాళ్లు ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఫీజు ముందే చెప్తే "లోపలికెళ్తే ఎంత గుంజుతారో" అన్న బెరుకు తగ్గుతుంది. చెప్పిన ఫీజే బిల్లులోనూ ఉండాలి; అదనపు పని తేలితే మొదలుపెట్టకముందే చెప్పాలి.

మిగతా నమ్మకం క్లినిక్‌లోనే కుదురుతుంది. ఆటోక్లేవ్ చేసిన పరికరాల ప్యాకెట్ పేషెంటు కళ్లముందే చింపండి. ప్యాకెట్ మీది గుర్తు రంగు మారితే వేడి తగిలిందనే అర్థం, క్రిములన్నీ చచ్చాయని కాదు. అందుకు స్పోర్ పరీక్ష వేరే ఉంది. అడిగితే అంతే చెప్పండి.

ఫోన్ ఎత్తే అమ్మాయికీ ఒక జవాబు నేర్పాలి. "రూట్ కెనాల్ ఒక్కరోజులో అయిపోతుందా?" అంటే, "డాక్టర్ గారు చూడందే చెప్పలేమండీ. రెండు మూడుసార్లు రావాల్సి ఉండొచ్చు, రాత్రి ఉండేలా రండి."