అమ్మమ్మ పులిహోర ఇంగ్లీషులో

అమ్మమ్మ మెసేజ్: "రెండు గ్లాసుల బియ్యానికి నిమ్మకాయంత చింతపండు నానబెట్టి గుజ్జు తియ్యి. పోపులో వేసి నూనె తేలేదాకా ఉడికించు."

'నిమ్మకాయంత' అంటే 'లెమన్ సైజ్' అని రాయకండి. అమ్మమ్మ నిమ్మకాయ చిన్నది. అమెరికా లెమన్ దానికి రెట్టింపు ఉంటుంది, అంత చింతపండు వేస్తే పులుపు నోట పెట్టలేం! చిన్న ఉండ చేసి తూచి, గ్రాముల్లో రాయండి: సుమారు 30.

'పోపు'ని 'టెంపరింగ్' అంటే కొత్తవాళ్లు చాక్లెట్ పని అనుకోవచ్చు. చేసే పనే రాయండి: నూనె కాగాక ఆవాలు వేసి, చిటపటలాడాక మిగతావి వెయ్యాలి. 'నూనె తేలేదాకా' మాత్రం మార్చొద్దు. నిమిషాలకన్నా అదే మంచి గుర్తు.

అభ్యాసం: అమ్మమ్మ గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు పడతాయో అడిగి, బియ్యాన్ని కప్పుల్లో రాయండి. ఒక కప్పు సుమారు 240 మి.లీ.