ఎన్నింటికి రమ్మంటారు?

వేసవిలో బావి పూడిక తీయించాలనుకున్నారు. మోటారు నీళ్లు తోడేశాక కూలీలు దిగాలి. మేస్త్రీ ఫోన్లో అడిగేది ఒకటే: "ఎన్నింటికి రమ్మంటారు?" చాలామంది "పదింటికల్లా అయిపోతుందిలే" అనేస్తారు. పదింటికి మనుషులొచ్చి గట్టు మీద కూర్చుంటారు, బావిలో ఇంకా నడుము దాటి నీళ్లుంటాయి. వాళ్ల కూలీ పోయేది మీ చేతిలోంచే, మాట పోయేదీ మీదే. కాబట్టి టైము చెప్పేముందు కొలవండి. టేపు, డ్రమ్ము, ఫోన్లోని స్టాప్‌వాచ్ చాలు.

ముందు నీటి లోతు. గట్టు మీద ఒకచోట సున్నంతో గుర్తు పెట్టి, అన్ని కొలతలూ అక్కడి నుంచే తీయండి. టేపు చివర బరువు కట్టి, దాని కింది కొసను సున్నాగా పెట్టుకుని దింపండి. అడుగు తగలగానే టేపు వదులవుతుంది. అది 12 మీటర్లు అనుకుందాం. తర్వాత నీళ్లు ఎంత కిందున్నాయో చూడాలి. టేపుకు సుద్ద రాసి నీళ్లలో మునిగేదాకా దింపి, గుర్తు దగ్గరి కొలతలోంచి తడిసిన గీత దగ్గరి కొలత తీసేస్తే తెలిసిపోతుంది. అది 7.5 మీటర్లు. తేడా 4.5 మీటర్లు, అదే నీటి నిలువు.

ఇక్కడ ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. అడుగు లోతు తాతగారు చెప్పింది తీసుకుంటారు, నీటి లోతు ఈరోజు కొలుస్తారు. తాతగారు బావి తవ్వించిన రోజు లోతు చెప్పారు, ఇవాళ అడుగున పూడిక ఉంది. పైగా ఆయన నేలమట్టం నుంచి చెప్పి ఉంటే, మీరు 80 సెంటీమీటర్ల గట్టు మీద నుంచి కొలుస్తున్నారు. ఈ బావిలో ఆ 80 సెంటీమీటర్లంటే 22,600 లీటర్లు.

వ్యాసం ఒర లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవండి. మన బావిలో 6 మీటర్లు. గోడ మందం అటూ ఇటూ 30 సెంటీమీటర్లు కలిపేస్తే 6.6 అవుతుంది. చూడ్డానికి చిన్న తేడానే, కానీ వ్యాసాన్ని వ్యాసంతోనే గుణిస్తాం కాబట్టి నీళ్ల లెక్క 21 శాతం పెరిగిపోతుంది. 6 ఇంటూ 6, దాన్ని 0.785తో గుణిస్తే వైశాల్యం సుమారు 28.3 చదరపు మీటర్లు. 4.5 మీటర్ల నిలువుకు 127 ఘనపు మీటర్లు, అంటే 1,27,000 లీటర్లు.

మోటారు ఎంత తోడుతుందో దాని మీది ప్లేటు చూసి నమ్మకండి. నీళ్లు ఎత్తాల్సిన ఎత్తును బట్టి అది మారుతుంది. 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో రెండు మూడుసార్లు చూడండి. 25 సెకన్లయితే సెకనుకు 8 లీటర్లు, గంటకు 28,800. భాగిస్తే నాలుగు గంటల 25 నిమిషాలు.

ఉదయం ఆరింటికి మోటారు వేస్తే పదిన్నరకు ఖాళీ కావాలి. కాదు! నీళ్లు తగ్గేకొద్దీ ఊట జోరందుకుంటుంది. బావి మట్టం చుట్టూ ఉన్న భూగర్భ జలం కంటే ఎంత కిందికి దిగితే, నీళ్లు అంత ఒత్తిడితో లోపలికి వస్తాయి. లెక్క ప్రకారం గంటకు 102 సెంటీమీటర్లు దిగాలి. గంట గంటకూ టేపు వేసి చూడండి. మన బావిలో మొదటి గంట 97, రెండో గంట 88, మూడో గంట 80 దిగింది. దిగుడు గంటగంటకూ ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు తగ్గుతోంది. మూడు గంటల్లో దిగింది 265, మిగిలింది 185. నాలుగో గంట 72, ఐదో గంట 65 దిగుతాయనుకుంటే, చివరి 48కి మరో 50 నిమిషాలు. మొత్తం ఆరు గంటలకు కాస్త తక్కువ. కాబట్టి తొమ్మిదింటికి మూడో కొలత చూసుకుని, అప్పుడు మేస్త్రీకి ఫోన్ చేసి "పన్నెండింటికి" అనండి.

మూడో గంటలో డ్రమ్ము పెట్టి మళ్లీ చూడండి. అదే 25 సెకన్లయితే దిగుడు తగ్గింది ఊట వల్లే. 30 సెకన్లు పడితే మోటారే నీరసించింది. ఇక దిగుడు గంటగంటకూ సగానికి సగం పడిపోతుంటే, ఊటా మోటారూ సమానమయ్యే చోటికి బావి చేరుకుంటోంది. ఆ మోటారుతో అది ఖాళీ కాదు. రెండో మోటారు తేవాలి, లేదంటే ఆరోజు కూలీలను రావద్దనాలి.

అడుగున మిగిలే 30 సెంటీమీటర్ల నీళ్లను మోటారు సరిగా లాగలేదు. అవే 8,500 లీటర్లు. మేస్త్రీతో ముందే మాట్లాడి, మోటారు కూర్చునేలా ఒక మూల గుంట తీయించండి. నీళ్లు ఎంత లోతుకు దిగినా డీజిల్ ఇంజిన్ను మాత్రం బావిలోకి దింపి నడపవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనిపించదు, వాసనా రాదు, కింద ఉన్నవాళ్ల ప్రాణం తీస్తుంది.