పన్నెండు బోర్లు చూసి డెల్టా అంతటికీ తీర్పు చెప్పకండి

సైన్స్ ప్రాజెక్టు నెగ్గాలంటే చివర్లో ఏదో పెద్ద విషయం కనిపెట్టినట్టు ఉండాలని విజయవాడలో చాలామంది తల్లిదండ్రులు నమ్ముతున్నారు. పిల్లలు ఎండలో తిరిగి నీళ్లు సేకరించి, మీటరు పెట్టి కొలిచి, నోటు పుస్తకంలో నిజాయితీగా అంకెలు రాసుకుంటారు. రిపోర్టు రాసే రోజు మాత్రం ఇంట్లో పెద్దవాళ్లో, డబ్బులు తీసుకున్న ప్రాజెక్టు సెంటరు వాళ్లో కూర్చుని ఆ అంకెల మీద అవి మోయలేని మాటలు రాయిస్తారు. జడ్జి ముందు నిలబడేది మాత్రం పిల్లవాడే.

నా దగ్గరికి వచ్చే రిపోర్టుల్లో ప్రయోగం చెడిపోయినవి తక్కువ. ఎక్కువగా చెడేది రెండు చోట్ల. ఒకటి మొదటి పేజీలో ఉండే ఆబ్‌స్ట్రాక్ట్, రెండోది చివరి పేజీలో ఉండే ముగింపు. జడ్జి ముందుగా చదివేది కూడా ఆ రెండు పేజీలే.



మన డెల్టా పిల్లలు తరచుగా ఎంచుకునే అంశాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఇందులోని అంకెలు వివరణ కోసం నేను వేసినవి. నాగాయలంక వైపు ఒక ఊళ్లో ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు మే నెలలో 12 ఫిల్టర్ పాయింట్ల నీళ్లను టీడీఎస్ మీటరుతో కొలిచారు. ఎనిమిదింటిలో లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ లవణాలున్నట్టు చూపించింది. ఆ ఎనిమిదిలో రెండు 2000 కూడా దాటాయి. వాళ్ల చేత రాయించిన ఆబ్‌స్ట్రాక్ట్ ఇలా ఉందనుకోండి:

"కృష్ణా డెల్టాలో 67 శాతం భూగర్భ జలాలు తాగడానికి పనికిరావని మా పరిశోధనలో రుజువైంది. రొయ్యల చెరువుల వల్ల సముద్రపు నీరు చొచ్చుకు రావడమే దీనికి కారణం. ప్రభుత్వం ఈ చెరువులను వెంటనే మూసివేయాలి."

వినడానికి బాగుంది. ఇందులో ఒక్క వాక్యం కూడా నిలబడదు.

ముందు ఆ 67 శాతం చూడండి. 12లో 8 అంటే లెక్క ప్రకారం 67 శాతమే, తప్పు లేదు. కానీ శాతం అనగానే చదివేవాడు వందల బోర్లు చూశారనుకుంటాడు. ఊళ్లోని పాయింట్లన్నిటి పేర్లూ చీటీల మీద రాసి, అందులోంచి 12 తీసి పరీక్షించినా సరే, గణాంక శాస్త్రం ప్రకారం ఊరంతటి అసలు నిష్పత్తి సుమారు 39 నుంచి 86 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. సగం కంటే తక్కువ కావచ్చు, దాదాపు అన్నీ కావచ్చు. పైగా ఈ పిల్లలు చీటీలు వేయలేదు, సైకిలు మీద రోడ్డు పక్కన కనిపించినవి చూశారు. కాబట్టి ఆ హద్దులను కూడా నమ్మకంగా చెప్పలేం. 30 కంటే తక్కువ నమూనాలున్నప్పుడు శాతం రాయవద్దని, "12లో 8" అనే రాయమని నేను చెబుతాను. ఇది పుస్తకంలోని నియమం కాదు, నేను పెట్టుకున్న కట్టుబాటు.

దీన్ని తప్పించుకోవడానికి కొందరు ఒక దారి చూపిస్తారు. ఒక్కో బోరు దగ్గర మూడుసార్లు కొలిచి "36 నమూనాలు పరీక్షించాం" అని రాయిస్తారు. మూడుసార్లు కొలిస్తే మీటరు ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది, అది మంచి పనే. కానీ బోర్లు 12 గానే ఉంటాయి. ఈ తేడా తెలిసిన జడ్జి మొదటి నిమిషంలోనే అడుగుతాడు.

ఇక "తాగడానికి పనికిరాదు" అన్న మాట. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 తాగునీటికి 500 మిల్లీగ్రాములను ఆమోదయోగ్యమైన హద్దుగా పెట్టింది. వేరే నీటి వనరు లేనప్పుడు 2000 దాకా అనుమతిస్తుంది. అంటే ఆ ఎనిమిదిలో ఆరు ఈ రెండు హద్దుల మధ్యలో ఉన్నాయి. వాటిని పనికిరానివని తేల్చే హక్కు ఈ ఒక్క కొలతకు లేదు. రెండువేలు దాటని వాటిని మంచినీళ్లని తేల్చే హక్కూ లేదు, ఎందుకంటే టీడీఎస్ మీటరు బ్యాక్టీరియా గురించి ఏమీ చెప్పదు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు కారణం చెప్పడంలో జరిగింది. టీడీఎస్ మీటరు నీటిలో విద్యుత్తు ఎంత తేలికగా పారుతుందో కొలిచి, దాన్ని ఒక గుణకంతో లవణాల అంకెగా మారుస్తుంది. ఆ లవణం ఏది, ఎక్కడి నుంచి వచ్చింది అన్నది దానికి తెలియదు. దివిసీమ నేల కింద పాత సముద్రపు మేటల్లో ఎప్పటి నుంచో ఉన్న ఉప్పు ఉంది. చాలాచోట్ల పైన పలుచటి మంచినీటి పొర, దాని కింద ఉప్పు నీరు ఉంటాయి. గొట్టం నాలుగు అడుగులు లోతుకు దిగితే అంకె మారిపోవచ్చు. కాలువ దగ్గరి నేలలోకి కృష్ణ నీరు ఇంకి బోరు నీళ్లు తియ్యగా మారవచ్చు. ఇక రొయ్యల చెరువుల సంగతికొస్తే, ఉప్పదనం ఉన్నచోటే రైతులు రొయ్యలు వేసి ఉండవచ్చు కదా. అప్పుడు చెరువు ఉప్పుకి కారణం కాదు, ఉప్పే చెరువుకి కారణం. చెరువులు రాకముందు కొలతలు లేకుండా, చెరువులు లేని అలాంటి నేలతో పోల్చకుండా ఈ చిక్కు విప్పలేం.

ఇవి పిల్లల పొరపాట్లేనని అనుకోకండి. 2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛ, కళ్లు తిరగడంతో పడిపోయారు. బాధితులు 600 దాటారు, ఒకరు చనిపోయారు. కొద్దిమంది రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఎక్కువగా కనిపించాయన్న ప్రాథమిక ఫలితం రాగానే ఊరంతా కారణం దొరికిపోయిందన్నట్టు మాట్లాడుకుంది. ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, నీరి వంటి సంస్థలు నీళ్లు, కూరగాయలు, రక్తం పరీక్షించే కొద్దీ పురుగుమందుల అవశేషాల వైపు అనుమానం మళ్లింది. ఇక్కడ విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: జబ్బుపడిన వారి రక్తంలో సీసం ఉంది సరే, అదే వీధిలో జబ్బుపడని వారి రక్తంలో ఎంత ఉంది? ఆ అంకె పక్కన లేకుండా "కారణం" అన్న మాట రాయకూడదు. మీ ప్రాజెక్టులో కూడా సమస్య లేని చోటు నుంచి కొన్ని నమూనాలు తప్పనిసరిగా తీసుకోండి.

నాగాయలంక వైపు ఊళ్లోని మన పిల్లల నోటు పుస్తకం మళ్లీ తెరిస్తే, రాయించిన వాళ్లు చూడని సంగతి ఒకటి అందులో ఉంది. కాలువకు 200 మీటర్ల లోపున్న అయిదు పాయింట్లలో ఒక్కటే 500 దాటింది. దూరంగా ఉన్న ఏడూ దాటాయి. అసలు కబురు ఇదే. నేనైతే ఆబ్‌స్ట్రాక్ట్ ఇలా రాయిస్తాను:

"మా ఊళ్లో కాలువకు దూరం పెరిగితే ఫిల్టర్ పాయింట్ల నీటిలో లవణాలు పెరుగుతాయా అని తెలుసుకోవాలనుకున్నాం. మే నెలలో ఒకే వారంలో, రోడ్డు పక్కన అందుబాటులో ఉన్న 12 పాయింట్లను ఒక్కొక్కటి మూడుసార్లు టీడీఎస్ మీటరుతో కొలిచాం. కాలువకు 200 మీటర్ల లోపున్న 5లో 1, అంతకంటే దూరంగా ఉన్న 7లో 7 లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటాయి. మేం చూసిన పాయింట్లలో కాలువ దగ్గరివి తక్కువ ఉప్పగా ఉన్నాయి. పాయింట్ల లోతు యజమానులు చెప్పినదే, మేం కొలవలేదు. అందువల్ల ఈ తేడా కాలువ వల్లనో లోతు వల్లనో చెప్పలేం."

ఈ ఆబ్‌స్ట్రాక్ట్‌లో ప్రశ్న ఉంది, ఎన్ని, ఎప్పుడు, ఎలా ఎంచుకున్నారో ఉంది, అంకెలున్నాయి, హద్దు ఉంది. "కావచ్చు", "అనిపిస్తోంది" అని ప్రతి వాక్యానికీ తగిలించలేదు చూడండి. అతిగా చెప్పవద్దంటే కొందరు పిల్లలు భయపడి, కొలిచిన దాన్ని కూడా నీళ్లు నమిలినట్టు రాస్తారు. అదీ తప్పే. మీ మీటరు చూపించింది గట్టిగా చెప్పండి. మీ మీటరు చూడని చోటికి వెళ్లేటప్పుడు మాత్రమే ఆగండి.

ముగింపులో అదే మాట తిరగరాయకుండా మూడు పనులు చేయాలి. మొదట, మొదలుపెట్టిన ప్రశ్నకు ఈ 12 పాయింట్ల మేరకు జవాబు. తర్వాత, లెక్కకు అడ్డొచ్చిన అంకె గురించి నిజం: కాలువ పక్కనే ఉండి కూడా ఉప్పగా ఉన్న ఆ ఒక్క పాయింటు. దాన్ని కొట్టేస్తే పట్టిక అందంగా కనిపిస్తుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఉంచండి. దాని గొట్టం అన్నిటికంటే లోతుదని యజమాని చెప్పి ఉంటే అది కూడా రాయండి, మీ ప్రాజెక్టులో అన్నిటికంటే ఆసక్తికరమైన వాక్యం అదే కావచ్చు. ఆఖరున, ఈ సందేహం ఎలా తీరుతుందో చెప్పండి: కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత అవే 12 పాయింట్లు మళ్లీ కొలవడం, తాడుకు బరువు కట్టి లోతు కొలవడం వీలయ్యే బావులు కలపడం, కాలేజీ ల్యాబులో సిల్వర్ నైట్రేట్‌తో క్లోరైడ్ చూడటం. చెరువులు మూయించమనే సిఫారసుకి ఈ రిపోర్టులో చోటు లేదు. ఊరివాళ్లకు చెప్పగలిగిందల్లా, రెండు వేలు దాటిన ఆ రెండు పాయింట్ల నీళ్లు తాగే ముందు ల్యాబులో పరీక్ష చేయించుకోండని.

మంచి ఫలితం వచ్చినప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. పది ఇళ్ల నీళ్లు హెచ్‌టూఎస్ సీసాల్లో పోస్తే ఒక్కటీ నల్లబడలేదనుకోండి. "మా వీధి నీళ్లు సురక్షితం" అని రాయకండి. పదిలో సున్నా వచ్చినా వీధిలో నాలుగో వంతు ఇళ్ల దాకా కలుషితమై ఉండే అవకాశం లెక్క ప్రకారం కొట్టిపారేయలేనిది. బుడమేరు వరద చూసిన సింగ్‌నగర్ లాంటి చోట ఈ తప్పు మాట నమ్మి ఎవరైనా కాచకుండా తాగితే నష్టపోయేది మనుషులు.

ఇప్పుడు ఖర్చు మాట. తొమ్మిది, పది తరగతుల పిల్లల పేరు మీద "అంతర్జాతీయ జర్నల్"లో పేపరు వేయిస్తామని, విదేశీ సీటుకి అదే తాళంచెవి అని వేలకు వేలు అడిగేవాళ్లు పెరిగారు. డబ్బు తీసుకుని కొద్ది రోజుల్లో ఏదైనా అచ్చువేసే పత్రికలు ఎన్నో ఉన్నాయి. సరిగ్గా సమీక్షించే పత్రిక అంత తొందరగా తేల్చదు. కొని తెచ్చిన ఆబ్‌స్ట్రాక్ట్‌లో "రుజువైంది", "విప్లవాత్మకం" అన్న మాటలు ఉంటాయి, "ఎన్ని నమూనాలు, ఎలా ఎంచుకున్నావు" అని అడిగితే పిల్లవాడు తల దించుకుంటాడు. ఆ అవమానం వాడు ఊరికే మర్చిపోడు. దీనికి తల్లిదండ్రులను క్షమించలేను. టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకు వస్తుంది. దానితో ఒక వేసవి, ఒక వానాకాలం అవే పాయింట్లు కొలిచిన పిల్లవాడిని రేపు ఐసర్‌లో అయినా, బాపట్ల వ్యవసాయ కళాశాలలో అయినా అధ్యాపకులు ఇష్టంగా పక్కన కూర్చోబెట్టుకుంటారు.

రిపోర్టు ఇచ్చే ముందు ఆబ్‌స్ట్రాక్ట్‌ని చివరగా రాయండి, రాశాక ప్రతి వాక్యం కింద నోటు పుస్తకంలోని పేజీ నంబరు పెన్సిలుతో వేయండి. నంబరు దొరకని వాక్యాన్ని కొట్టేయండి. అమ్మానాన్నలు ఆ పెన్సిలు పిల్లల చేతిలోనే ఉండనివ్వండి.