బిల్లు కలవలేదంటే గడువు ఆగదు

సరుకు దించి నెలలు గడిచినా డబ్బు రాలేదని వచ్చే చిన్న తయారీదారుల ఫైళ్ళలో ఒకే మాట కనిపిస్తోంది: 'మీ బిల్లు మ్యాచ్ కాలేదు.' పర్చేజ్ ఆర్డర్‌లో రాసిన పరిమాణం, ధర ఒక కాగితం. గేటు దగ్గర నిజంగా దిగిన లెక్క రెండోది. మీ ఇన్వాయిస్ మూడోది. మూడూ ఒకటైతేనే కంపెనీ కంప్యూటర్ చెల్లింపును వదులుతుంది. రాని సరుకుకు డబ్బు పోకుండా కొనుగోలుదారు చూసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అది వాళ్ళ లోపలి తనిఖీ మాత్రమే, చట్టం పెట్టిన గడువు దాని మీద ఆధారపడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. జడ్చర్లలోని చిన్న యూనిట్ మిర్యాలగూడ రైస్ మిల్లుకు సంచి 14 రూపాయల చొప్పున 10,000 సంచులు పంపింది, 45 రోజుల్లో చెల్లించాలని ఒప్పందం. జూన్ 2న లోడు దిగింది. కుట్టు బాగాలేదని 400 సంచులు పక్కన పెట్టి, స్టోర్స్ వాళ్ళు 9,600 మాత్రమే ఎక్కించుకున్నారు. ఇన్వాయిస్ ముందే 10,000కు కొట్టి ఉంది. 5,600 రూపాయల తేడాకు మొత్తం 1,40,000 ఆగిపోయింది. జూలైలో అడిగితే అకౌంట్స్ నుంచి ఫోన్: 'పాత బిల్లు రద్దు చేసి కొత్త తేదీతో పంపండి.' మనవాళ్ళను ముంచుతున్నది ఇదే. జూలై 10న కొత్త బిల్లు ఇస్తే వాళ్ళ లెక్క ఆగస్టు 24 దాకా సాగుతుంది. చట్టం లెక్కలో జూలై 17కే డబ్బు రావాలి. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వక అభ్యంతరం రాకపోతే, అందిన రోజే అంగీకరించిన రోజు. మిల్లు కంప్యూటర్లో మిగిలిపోయిన నోటు మీకు రాసిన అభ్యంతరం కాదు.

తేడా ఉన్నది నిజమే కదా, బిల్లు మార్చకుండా ఎలా అంటారు. జీఎస్టీ చట్టంలోనే దారి ఉంది: పాత ఇన్వాయిస్ నంబరు చూపుతూ 400 సంచులకు క్రెడిట్ నోట్ ఇచ్చి, 1,34,400 రూపాయలూ దాని మీది పన్నూ రాతలో అడగండి. కొత్త తేదీ బిల్లు మాత్రం ఇవ్వకండి. 15 రోజుల్లోపు మిల్లు రాతలో అభ్యంతరం చెప్పి ఉంటే సంగతి వేరు. అప్పుడు మీరు దాన్ని తీర్చిన రోజు నుంచే లెక్క, కాబట్టి క్రెడిట్ నోట్ ఆలస్యమైన ప్రతి రోజూ మీకే నష్టం. అడిగితే ఆర్డర్లు పోతాయన్న భయం అర్థమవుతుంది. తేదీలు రాసి పంపడం దావా కాదు. ఫోన్లలోనే సాగదీసి, ఏ కాగితమూ లేకుండా వచ్చే క్లయింట్లకు ఎవరేం చేయగలరు?

గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఒప్పందంలో వడ్డీ లేదని రాసినా అంతే. ఫిర్యాదు మీ యూనిట్ ఉన్న రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే. అయితే ఇది సూక్ష్మ, చిన్న పరిశ్రమలకే. సరుకు కొని అమ్మే వ్యాపారికి ఉద్యం నంబరున్నా ఈ రక్షణ లేదు. తయారీదారులు కూడా ఆ నంబరు లోడు పంపకముందే తీసుకోవాలి.