ప్లాంట్ రూమ్‌లో కేబుల్ ట్రే: మూడు లెక్కలు వస్తే ఉద్యోగానికి దారి

సిరిసిల్ల చుట్టుపక్కల ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సో, ఎలక్ట్రికల్ డిప్లొమానో పూర్తి చేసిన వాళ్లలో చాలామందికి మోటారు కనెక్షన్, ప్యానల్ వైరింగ్ బాగానే వస్తాయి. కాంట్రాక్టరు దగ్గరో, కన్సల్టెంటు ఆఫీసులోనో చేరాలంటే ఇంకో పని కూడా రావాలి. డ్రాయింగ్ ముందుపెట్టి, 'ఈ కేబుళ్లన్నీ ఏ ట్రేలో, ఏ వరుసలో, ఎంతెంత దూరంలో సపోర్టులు పెట్టి తీసుకెళ్తావు?' అని అడిగితే కాగితం మీద చేసి చూపించగలగాలి. సైట్ సూపర్‌వైజర్, డ్రాఫ్ట్స్‌మన్, క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగాలకు ఇది అవసరం.

ఈ పని ఉండే చోట్లు మన జిల్లాలోనే ఉన్నాయి. తంగళ్ళపల్లి మండలంలో టెక్స్‌టైల్ పార్క్ ఉంది. ఇల్లంతకుంట మండలం తిప్పాపూర్‌లో కాళేశ్వరం ప్రాజెక్టు పంప్‌హౌస్ ఉంది. అక్కడ ఒక్కొక్కటి 106 మెగావాట్ల పంపులు నాలుగున్నాయి. చిన్న షెడ్డయినా, అంత పెద్ద పంప్‌హౌస్ అయినా ట్రే వెనకున్న లెక్క ఒకటే. చిన్నదాన్ని తీసుకుని మొత్తం చేసి చూద్దాం.

మన అభ్యాసం

టెక్స్‌టైల్ పార్క్‌లాంటి చోట ఎయిర్‌జెట్ మగ్గాల షెడ్డు ఒకటి ఉందనుకుందాం. ఈ మగ్గాలకు కంప్రెస్డ్ గాలి కావాలి. నూలు తెగకుండా షెడ్డులో తేమ కూడా నిలపాలి. కాబట్టి ప్లాంట్ రూమ్‌లో రెండు కంప్రెసర్లు, హ్యుమిడిఫికేషన్ ఫ్యాన్లు, పంపులు ఉంటాయి. ఫ్యాన్లు వీఎఫ్‌డీల మీద నడుస్తాయి.

ప్యానల్ నుంచి కంప్రెసర్లకు 3.5 కోర్ 240 చదరపు మి.మీ. అల్యూమినియం ఆర్మర్డ్ కేబుళ్లు రెండు వెళ్తాయి. మిగతా యంత్రాలకు 120 చదరపు మి.మీ. కేబుళ్లు నాలుగు. పెద్దదాని బయటి వ్యాసం 55 మి.మీ., బరువు మీటరుకు 4.7 కిలోలు అనుకుందాం. చిన్నదానికి 41 మి.మీ., 2.5 కిలోలు. అసలు పనిలో ఈ అంకెలు కేబుల్ కంపెనీ కేటలాగ్ నుంచే తీసుకోవాలి, ఎందుకంటే కంపెనీని బట్టి కాస్త మారతాయి.

మొదటి లెక్క: వెడల్పు

పవర్ కేబుళ్లను ఒకే వరుసలో పరుస్తారు. ఒకదాని మీద ఒకటి పేర్చరు. అందుకే పవర్ ట్రేకు చూడాల్సింది వ్యాసాల మొత్తం. రెండు 55లు 110, నాలుగు 41లు 164, కలిపితే 274 మి.మీ. 300 మి.మీ. ట్రేలో సరిపోతాయనిపిస్తుంది. కానీ రేపు ఇంకో యంత్రం వస్తే చోటుండదు. భవిష్యత్తు కోసం 25 శాతం కలిపితే 343 మి.మీ. అవుతుంది. మార్కెట్లో 300 తర్వాత మామూలుగా దొరికే వెడల్పు 450, కాబట్టి అదే తీసుకోవాలి. ఎక్సెల్‌లో సి కాలమ్‌లో కేబుళ్ల సంఖ్య, డి కాలమ్‌లో వ్యాసం రాస్తే ఈ ఒక్క వరుస చాలు:

```
=SUMPRODUCT(C2:C3,D2:D3)*1.25
```

ఒకే వరుస అని పట్టుబట్టడానికి కారణం వేడి. 240 కేబుల్ గాలిలో ఒంటరిగా ఉంటే దాదాపు 400 ఆంపియర్లు మోస్తుంది. ల్యాడర్ ట్రేలో ఆరు కేబుళ్లు ఆనుకుని ఒకే వరుసలో ఉంటే, ఐఈసీ 60364 పట్టిక ప్రకారం 0.79తో గుణించాలి. అంటే 316 ఆంపియర్లు. అవే ఆరింటినీ కట్టగా కడితే గుణకం 0.57కు పడిపోతుంది, మిగిలేది 228. కేబుల్ అదే అయినా పరిచిన తీరు వల్ల 88 ఆంపియర్లు పోయాయి. పైగా ఈ రేటింగ్ 40 డిగ్రీల గాలికి చెప్పింది. మే నెలలో మన ప్లాంట్ రూమ్‌లో పైకప్పు కింద 50 డిగ్రీలుంటే ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్‌కు ఇంకో 0.89 పడుతుంది. అప్పుడు ఒకే వరుసలో ఉన్నది కూడా 281 ఆంపియర్లే మోస్తుంది.

నడుస్తున్న ప్లాంటులో దీన్ని తనిఖీ చేయాలంటే ప్యానల్ లోపల ఒక్కో కోర్‌కు విడిగా క్లాంప్ మీటర్ పెట్టాలి. కేబుల్ మొత్తం చుట్టూ పెడితే ఫేజుల కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మీటర్ సున్నాకు దగ్గరగా చూపిస్తుంది. కొత్తగా చేరినవాళ్లు 'లోడే లేదు' అనుకునేది ఇక్కడే.

కంట్రోల్ కేబుళ్ల లెక్క వేరు. వాటిలో కరెంటు తక్కువ, వేడీ తక్కువ. అందుకని వరుసల మీద వరుసలు వేయవచ్చు. అక్కడ చూడాల్సింది ట్రే అడ్డుకోతలో కేబుళ్లు ఎంత భాగం ఆక్రమించాయన్నది. అమెరికా ఎన్‌ఈసీ నియమం ల్యాడర్ ట్రేలో కంట్రోల్, సిగ్నల్ కేబుళ్లకు సగం వరకు ఒప్పుకుంటుంది. మన గదిలో 20 మి.మీ. వ్యాసమున్న కంట్రోల్ కేబుళ్లు 20 ఉన్నాయనుకోండి. ఒక్కోదాని వైశాల్యం 314 చదరపు మి.మీ., మొత్తం 6,280. 300 వెడల్పు, 50 లోతు ట్రే వైశాల్యం 15,000. నిండింది 42 శాతం, ఈరోజుకు సరే. రేపు ఇంకో ఐదు వస్తే 52 శాతమై హద్దు దాటుతుంది. 75 మి.మీ. లోతు ట్రే పెడితే అప్పుడు కూడా 35 శాతమే.

రెండో లెక్క: సపోర్టుల దూరం

మన టెండర్లలో తరచూ కనిపించే మాట '1.5 మీటర్లకొక సపోర్టు'. ఎందుకో తెలియకుండా ఆ అంకెను పట్టుకుంటే సైట్‌లో అది చేజారుతుంది.

పవర్ ట్రేలో ఇప్పుడున్న కేబుళ్ల బరువు మీటరుకు 19.4 కిలోలు. రేపటి 25 శాతం కలిపితే దాదాపు 25. ట్రే సొంత బరువు 7 కిలోలు అనుకుంటే మొత్తం 32. 1.5 మీటర్ల దూరంలో ఒక్కో సపోర్టు మీద 48 కిలోలు పడతాయి. యాంకర్ బోల్టును, థ్రెడెడ్ రాడ్‌ను ఈ అంకెతో ఎంచుకోవాలి. ట్రే కేటలాగ్‌లోని సేఫ్ వర్కింగ్ లోడ్ పట్టికలో మాత్రం కేబుళ్ల బరువు, అంటే 25, చూడాలి.

అసలు చిక్కు వంగడంతో వస్తుంది. సమానంగా బరువు పడిన ట్రే వంపు, సపోర్టుల దూరానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. దూరం రెట్టింపయితే వంపు పదహారు రెట్లు. 1.5 మీటర్ల దగ్గర మధ్యలో 5 మి.మీ. వంగే ట్రే, 2 మీటర్ల దగ్గర దాదాపు 16 మి.మీ. వంగుతుంది. ఐఈసీ 61537 హద్దు దూరంలో నూరో వంతు, అంటే 20 మి.మీ. కాబట్టి ఇంకా ఫరవాలేదు. 3 మీటర్లకు వస్తే లెక్క ప్రకారం 80 మి.మీ., హద్దు 30 మాత్రమే.

మూడు మీటర్లు ఎవరు పెడతారనిపిస్తుంది. కావాలని ఎవరూ పెట్టరు. చిల్డ్ వాటర్ పైపు అడ్డొచ్చి ఒక్క సపోర్టు వదిలేస్తే ఏర్పడే దూరం అదే. పక్క స్పాన్ల పట్టు వల్ల వంపు కొంత తగ్గవచ్చు గానీ, ఆ పట్టు మీద ఆధారపడి ఒక సపోర్టు మానేయకూడదు. పైపు రెండు వైపులా రాడ్లు దింపి, కింద చానల్ కట్టి ట్రేను దాని మీద కూర్చోబెట్టాలి. ట్రే మొదటి, చివరి స్పాన్లకు ఒక పక్క పట్టు ఉండదు, అవే ఎక్కువ వంగుతాయి. అక్కడ దూరం తగ్గించాలి. రెండు ట్రే ముక్కల జాయింటు స్పాన్ మధ్యలో గానీ, సరిగ్గా సపోర్టు మీద గానీ రాకుండా, సపోర్టు నుంచి దూరంలో నాలుగో వంతు దగ్గర ఉండేలా చూడాలి. బెండు, టీ పెట్టిన చోట వాటి చివరల నుంచి 600 మి.మీ. లోపల సపోర్టు ఉండాలి.

తనిఖీకి ఒక దారం, టేపు చాలు. ఒక సపోర్టు నుంచి తర్వాతి సపోర్టుకు ట్రే అంచు వెంట దారం బిగించి, మధ్యలో ఎంత కిందికి దిగిందో కొలవండి. దూరంలో నూరో వంతు దాటితే రిపోర్టులో రాయాల్సిందే.

మూడో లెక్క: ఎవరి దారి వారిది

మన దగ్గర వరుస సాధారణంగా పైనుంచి కిందికి ఇలా ఉంటుంది: హెచ్‌టీ, ఎల్‌టీ పవర్, కంట్రోల్, అన్నిటికన్నా కింద ఇన్‌స్ట్రుమెంటేషన్, డేటా. ట్రేల మధ్య 300 మి.మీ. ఉండాలని చాలా స్పెసిఫికేషన్లు చెబుతాయి. కేబుల్ లాగేటప్పుడు చెయ్యి పట్టడానికీ ఆ జాగా కావాలి.

వీఎఫ్‌డీ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్‌లో వోల్టేజి సెకనుకు వేలసార్లు నిటారుగా ఎక్కి దిగుతుంది. పక్కనే డేటా కేబుల్ ఉంటే ఆ అలజడి దానిలోకి దూకుతుంది. రెండూ ఎంత దగ్గరగా, ఎంత పొడవు సమాంతరంగా నడిస్తే అంత ఎక్కువ. అందుకే దూరం పెంచడం, సమాంతర పొడవు తగ్గించడం అనే రెండే అసలు మందులు. తప్పనిసరిగా దాటాల్సి వస్తే లంబకోణంలో దాటించాలి. వీఎఫ్‌డీ మోటారు కేబుల్ షీల్డు ఉన్నదై, ఆ షీల్డు రెండు చివరలా గ్లాండులో చుట్టూరా ఆనాలి. ట్రే జాయింట్ల దగ్గర ఎర్త్ కొనసాగేలా బాండింగ్ వేయాలి.

ట్రేల మీద దూరం పాటించిన చోటే, ప్యానల్‌లోకి దిగే చివరి రెండు మీటర్లలో అన్నిటినీ కలిపి టై కట్టేస్తారు. డ్రాయింగ్‌లో ఆ దిగుడు కనపడదు, తప్పులు చాలావరకు అక్కడే జరుగుతాయి. పవర్‌కు ప్యానల్ ఒక పక్క, డేటాకు ఇంకో పక్క గ్లాండ్ ప్లేటు ఉండేలా మొదట్లోనే అడగాలి.

తప్పు జరిగిందని ఇలా తెలుస్తుంది: ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు తేమ సెన్సర్ రీడింగు నిలకడగా ఉంటుంది, ఫ్యాన్ తిరగగానే ఊగుతుంది. మోడ్‌బస్ లైనులో అప్పుడే టైమవుట్‌లు మొదలవుతాయి. వీఎఫ్‌డీని ఆపి ఒకసారి, నడిపి ఒకసారి కమ్యూనికేషన్ ఎర్రర్ కౌంట్ రాసుకుని పోల్చండి. నడిచినప్పుడే కౌంట్ పెరిగితే సెన్సర్ మార్చే ముందు కేబుల్ దారి వెతకాలి.

వేరు దారుల వెనక ఇంకో కారణం మంటలు. 1975 మార్చి 22న అమెరికాలోని అలబామాలో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో, కేబుళ్లు గోడ దాటే చోట గాలి లీకును కొవ్వొత్తితో పరీక్షిస్తుండగా సీలింగ్ ఫోమ్ అంటుకుంది. 1,600కు పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. ఒకదానికొకటి అండగా ఉండాల్సిన భద్రతా వ్యవస్థల కేబుళ్లూ ఒకే మంటలో పోయాయి. మన చిన్న గదికి దీన్నుంచి వచ్చే నియమం ఇదీ: మెయిన్ పంపు, స్టాండ్‌బై పంపు కేబుళ్లను ఒకే ట్రేలో నడపకూడదు, గోడ దాటే రంధ్రాన్ని మండని పదార్థంతో మూయాలి.

ఇంటర్వ్యూకు ఏం తీసుకెళ్లాలి

పై అభ్యాసాన్ని మీ అంకెలతో రెండు కాగితాల మీద చేయండి. మొదటిదాంట్లో కేబుల్ షెడ్యూల్: ప్రతి కేబుల్ ఎక్కణ్నుంచి ఎక్కడికి, సైజు, వ్యాసం, బరువు, ఏ ట్రే. రెండోదాంట్లో ఆటోక్యాడ్‌లో గీసిన అడ్డుకోత: ట్రేల వరుస, మధ్య దూరాలు, సపోర్టు వివరం, ప్యానల్‌లోకి దిగే భాగం. వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ లాంటివి ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు నుంచి విడిగా తెచ్చుకోవాలి. అవి పని చేసే అర్హతను చూపిస్తాయి, ఈ రెండు కాగితాలు పని వచ్చని చూపిస్తాయి.

ఇంటర్వ్యూలో 'పైపు అడ్డొచ్చింది, ఈ సపోర్టు తీసేద్దామా?' అని అడిగారనుకోండి. 'రూల్ ఒప్పుకోదండీ' అని ఆగిపోకండి. దూరం 3 మీటర్లవుతుంది, లెక్క ప్రకారం వంపు 80 మి.మీ. వస్తుంది, హద్దు 30, అందుకని పైపు కింద నుంచి చానల్ కడతాను అని చెప్పి కాగితం మీద గీసి చూపించండి.